అమ్మగారి మోకాలు, నేను రాసిచ్చిన 3×10

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తుంటాను. మోకాలి అరుగుదల ఉన్న 64 ఏళ్ల అమ్మగారికి నేను మొదట రాసిచ్చిన షీట్ ఎలా బెడిసికొట్టిందో చెప్తాను.

అసెస్‌మెంట్‌లో కుడి మోకాలు 110 డిగ్రీలు వంగుతోంది. నేను పట్టుకుని చాపితే కాలు పూర్తిగా తిన్నగా వస్తోంది గానీ, ఆవిడంతట ఆవిడ చాపితే చివరి 10 డిగ్రీలు రావడం లేదు. అంటే కీలు పట్టేయలేదు, తొడ ముందు కండరం బలహీనంగా ఉంది. మెట్లెక్కితే నొప్పి 10కి 6. బీపీకి మాత్రలు వాడుతున్నారు. నా నోట్సులో ఉన్నది ఉన్నట్టు షీట్‌లోకి ఎక్కించేశాను: తొడ బిగించడం 3×10, కాలు తిన్నగా ఎత్తడం 3×10, అంటే పదేసి చొప్పున మూడు సెట్లు.

నాలుగో రోజు ఫోన్. "మోకాలు బూరెలా పొంగింది డాక్టరమ్మా!"

వెళ్లి చేసి చూపించమంటే, ఆగకుండా 30 సార్లు, అదీ మందుల చీటీ లెక్కన మూడు పూటలా చేస్తున్నారు. రోజుకు ఎన్నిసార్లో, సెట్‌కీ సెట్‌కీ మధ్య ఎంతసేపు ఆగాలో నేను రాస్తే కదా! పైగా పళ్లు బిగబట్టి, ఊపిరి ఆపి కాలెత్తుతున్నారు, బీపీ ఉన్నవాళ్లకి అది అసలు మంచిది కాదు. ఎత్తేటప్పుడు మోకాలు వంగిపోతోంది కూడా.

వాపు తగ్గాక అక్కడే కూర్చుని కొత్త షీట్ రాశాను. కాలెత్తడం తీసేశాను. మోకాలి కింద చిన్న టవల్ చుట్ట పెట్టి కిందకి నొక్కడం: అయిదు లెక్కపెట్టేదాకా బిగించి వదలాలి, ఇలా 10 సార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ 10, పొద్దున టిఫిన్‌కి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. పెద్ద చుట్ట మీద మోకాలు ఆనించి మడమ మాత్రమే పైకెత్తడం: 8 చొప్పున 2 సెట్లు, పొద్దున మాత్రమే. అంకెలు పైకి లెక్కపెట్టాలని పెద్దక్షరాలతో రాశాను, ఎందుకంటే మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టలేరు.

జాగ్రత్తల దగ్గర "నొప్పి వస్తే ఆపండి" అని రాయలేదు. అలా రాస్తే మొదటి రోజే మానేస్తారు. చేసేటప్పుడు 10కి 4 దాకా నొప్పి ఫర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలుకి రావాలి, రాకపోతే సగమే చేయాలి. పిక్కలో వాపుతో నొప్పి, మోకాలు ఎర్రబడి వేడెక్కడం, జ్వరం, వీటిలో ఏదున్నా ఆపేసి అదే రోజు డాక్టర్‌కి చూపించుకోవాలి.

చదివి వినిపించమంటే చదివారు. చదివాక, "ఆ చుట్ట హాయిగా ఉంది, రాత్రంతా ఉంచుకోనా?" అన్నారు. ఇది నాకు తట్టనే లేదు. మోకాలు వంచి అలా పడుకోవడం అలవాటైతే కాలు తిన్నగా రావడం ఇంకా కష్టమవుతుంది. "అయిపోగానే చుట్ట తీసేయాలి" అని ఎర్ర పెన్నుతో చేర్చాను.

రెండు వారాల తర్వాత వెళ్లి చూస్తే షీట్‌లో రోజువారీ గళ్లన్నీ టిక్కులే. ఒక్క గడిలో మాత్రం "పెళ్లి" అని రాసి ఉంది.