గోలీల లెక్క: ఫోలిక్ యాసిడ్, విటమిన్ ఏ, ఐరన్‌తో నా అనుభవం

మేము పిల్లల కోసం అనుకుంటున్నామని చెప్పగానే డాక్టరమ్మ మొదట రాసింది ఫోలిక్ యాసిడ్ గోలీ. "ఇంకా నెల తప్పనేలేదు కదా మేడమ్" అన్నాను. దానికి ఆవిడ చెప్పిన లెక్క ఇది. బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక చిన్న గొట్టంలా ఏర్పడతాయి. గర్భం నిలిచిన 28 రోజులకల్లా ఆ గొట్టం మూసుకుపోవాలి. అప్పటికి నెలసరి తప్పి రెండు వారాలు అవుతుంది, అంతే. చాలామంది ఇంట్లో టెస్ట్ చేసుకుని, ఆస్పత్రికి ఎప్పుడు పోదామా అని ఆలోచిస్తుండే సమయమది. గొట్టం సరిగ్గా మూసుకోకపోతే వెన్నెముక తెరుచుకుని ఉండిపోవడం, మెదడు సరిగ్గా ఏర్పడకపోవడం జరగొచ్చు. ఆ తర్వాత ఎన్ని గోలీలు మింగినా దాన్ని మూయలేం. అందుకే కనీసం నెల ముందు నుంచే మొదలుపెట్టి, మూడో నెల నిండేదాకా రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమన్నారు.

చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్తే 5 మిల్లీగ్రాముల గోలీలు చేతిలో పెట్టారు. "ఇదీ ఫోలిక్కే మేడమ్, అందరూ ఇదే తీసుకుంటారు" అన్నాడు అబ్బాయి. నేను స్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి యూనిట్లు చూడకుండా ఉండలేను. 5 మిల్లీగ్రాములంటే 5000 మైక్రోగ్రాములు. డాక్టరమ్మ రాసినదానికి పన్నెండు రెట్లకు పైనే. గోలీ మాత్రం అదే సైజు, అదే పసుపు రంగు. తీసుకోకుండా ఆవిడకే ఫోన్ చేశాను.

ఈ పెద్ద డోసుకీ ఒక కథ ఉందని అప్పుడు తెలిసింది. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక పరిశోధన ఫలితం ప్రకటించింది. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు, మళ్లీ గర్భం దాల్చే ముందు నుంచి రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. కాబట్టి 4, 5 మిల్లీగ్రాముల డోసు ఇలాంటి తల్లుల కోసం. షుగర్ ఉన్నవాళ్లకు, ఫిట్స్‌కి కొన్ని రకాల మందులు వాడుతున్నవాళ్లకు కూడా డాక్టర్లు అదే రాస్తారు. మా ఆడపడుచు ఫిట్స్ మందు మీద ఉంది, ఆమెకు రాసింది 5 మిల్లీగ్రాములే. నాకు అలాంటి కారణమేదీ లేదు. "ఎక్కువైతే ఏమవుతుంది మేడమ్?" అని అడిగాను. దానివల్ల బిడ్డకు ప్రమాదమని కాదు గానీ, బి12 లోపం ఉంటే అది కప్పబడిపోతుందన్నారు. రక్తపరీక్షలో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. శాకాహారుల్లో బి12 తక్కువగా ఉండడం మనదగ్గర మామూలే కాబట్టి ఈ మాట గుర్తుపెట్టుకోవాల్సిందే.

నెల తప్పాక మొదలైంది అసలు పంచాయితీ. డాలస్‌లో ఉండే మా వదిన ఒక పెద్ద మల్టీవిటమిన్ డబ్బా పంపింది. మా అమ్మ వరంగల్ నుంచి స్టీలు టిఫిన్‌లో కార్జం వేపుడు పట్టుకొచ్చింది. ఇద్దరిదీ ప్రేమే. రెండింట్లోనూ ఉన్నది ఒకటే: రెటినాల్, అంటే విటమిన్ ఏ.

విటమిన్ ఏ మనకు రెండు రూపాల్లో అందుతుంది. మునగాకు, తోటకూర, క్యారెట్, మామిడిపండులో ఉండేది బీటా కెరోటిన్. శరీరం తనకు కావాల్సినంతే దాన్ని విటమిన్ ఏగా మార్చుకుంటుంది. ఎంత తిన్నా భయం లేదు, మహా అయితే అరచేతులు కాస్త పచ్చబడతాయి. కార్జంలో, చేప కార్జం నూనె గోలీల్లో, కొన్ని మల్టీవిటమిన్లలో ఉండేది తయారైపోయిన విటమిన్. ఇది కొవ్వులో కరుగుతుంది. సి విటమిన్‌లాగా ఎక్కువైంది మూత్రంలో పోదు, మన కాలేయంలోనే పోగవుతుంది. గర్భిణులు రోజుకు 3000 మైక్రోగ్రాములు, పాత లేబుళ్ల లెక్కలో 10,000 ఐయూ, దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు.

ఎందుకు దాటకూడదు? శరీరం ఈ రెటినాల్ నుంచి తయారుచేసే ఒక పదార్థం, పిండంలోని కణాలకు ఎక్కడికి వెళ్లాలో, ఏమవ్వాలో చెప్పే సంకేతం. ముఖం, చెవులు, గుండె ఏర్పడే కణాలు మొదటి వారాల్లో ఆ సంకేతం ప్రకారమే కదులుతాయి. అది మోతాదు మించితే ఆ కణాలు దారి తప్పుతాయి. ఇది ఊహ కాదు. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ కూడా ఈ కుటుంబంలోదే. అది వాడుతుండగా గర్భం వస్తే చెవులు, గుండె, మెదడు లోపాలతో బిడ్డలు పుట్టిన దాఖలాలు ఉన్నాయి. అందుకే అది ఆపిన నెల దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. విటమిన్ గోలీల విషయంలో 1995లో అమెరికాలో 22 వేలకు పైగా గర్భిణుల మీద అధ్యయనం వచ్చింది. తయారైన విటమిన్ ఏ రోజుకు 10,000 ఐయూకి మించి వాడినవాళ్లలో లోపాలు ఎక్కువగా కనిపించాయి. తర్వాతి అధ్యయనాల్లో అన్నిటా ఇంత స్పష్టంగా తేలలేదు. అయినా అవసరం లేని చోట హద్దు దాటి చూడడానికి కారణమేముంది? రేచీకటి ఎక్కువగా ఉండే ప్రాంతాల గర్భిణులకు మాత్రమే ప్రపంచ ఆరోగ్య సంస్థ విటమిన్ ఏ ఇవ్వమంటుంది, అదీ రోజుకు 10,000 ఐయూ దాటకుండా.

ఇక నా లెక్క. వదిన డబ్బా మీద విటమిన్ ఏ 750 మైక్రోగ్రాములని ఉంది. దాంట్లో ఎంత బీటా కెరోటిన్, ఎంత రెటినాల్ అన్నది కింద చిన్న అక్షరాల్లో విడిగా రాశారు, మొత్తం రెటినాలే. ఒక్కటే అయితే హద్దులోపలే. కానీ గొర్రె కార్జం 100 గ్రాముల్లో ఏడు వేల మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. అమ్మ వడ్డించే కప్పులో సగం తిన్నా 3500, ఆ ఒక్క పూటకే హద్దు దాటినట్టు. పైగా అది మూడో నెల లోపు. డబ్బా పక్కన పెట్టేశాను, కార్జం వద్దన్నాను.

డబ్బా సంగతి తేలిగ్గా అయిపోయింది. కార్జం దగ్గర అమ్మ ఊరుకోలేదు. "గిన్ని గోలీలు మింగుతవు గానీ కార్జం తినవా? నిన్ను కన్నప్పుడు వారానికి రెండుసార్లు తిన్న. రక్తం ఎట్ల పడుతది?" అంది. అప్పుడు ఐరన్ లెక్క చెప్పాను. అదే కార్జం 100 గ్రాముల్లో ఐరన్ ఆరేడు మిల్లీగ్రాములు. పీహెచ్‌సీలో ఇచ్చే ఒక్క ఎర్ర గోలీలో 60. కార్జంలోది ఒంటికి బాగా పడుతుంది, నిజమే. అయినా దాని కోసం బిడ్డ మొహం తయారయ్యే వారాల్లో విటమిన్ ఏ మీద రిస్క్ తీసుకోవాల్సిన పనిలేదు. అమ్మ ఒప్పుకున్నట్టు లేదు గానీ, ఆ తర్వాత మటన్ ముక్కలు తెచ్చింది, కార్జం తేలేదు. బొప్పాయి మీద యుద్ధం మాత్రం కాన్పు దాకా సాగింది.

గర్భంలో ఐరన్ ఇంత ఎందుకంటే, తొమ్మిది నెలలకూ కలిపి సుమారు 1000 మిల్లీగ్రాములు కావాలి. అందులో దాదాపు సగం తల్లి ఒంట్లో పెరిగే ఎర్ర రక్తకణాలకే పోతుంది. బిడ్డకు, మాయకు 300 దాకా. మిగతాది రోజూ ఒంట్లోంచి పోయేదానికి. తిండితో ఇంత పూడ్చడం కష్టం, అందుకే నాలుగో నెల నుంచి రోజూ ఒక ఎర్ర గోలీ. దాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ కూడా ఉంటుంది కాబట్టి వేరే ఫోలిక్ గోలీ మానేయొచ్చని డాక్టరమ్మ చెప్పారు.

మొదట్లో నా హిమోగ్లోబిన్ 11.3. ఐదో నెలలో చూస్తే 9.4. టెన్షన్ పడ్డాను. గర్భంలో రక్తంలోని నీటి భాగం కణాలకంటే వేగంగా పెరుగుతుంది, అందువల్ల కొంత పలచబడినట్టు కనిపించడం సహజమేనట. కానీ మనదగ్గర గర్భిణులకు 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 నుంచి 9.9 మధ్య అయితే మధ్యస్థం. నాది ఆ వరుసలోకి వచ్చింది. రోజుకు రెండు గోలీలు, నెలకోసారి పరీక్ష అని రాశారు. నెలలో కనీసం 1 గ్రాము పెరగాలి, పెరగకపోతే కారణం వెతకాలని చెప్పారు.

గోలీ ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది మా ఏఎన్‌ఎమ్ అక్క. టీ, కాఫీ, పాలకు ముందూ వెనకా గంట ఎడం ఉండాలి. కాల్షియం గోలీతో కలిపి అసలు వేసుకోకూడదు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు. నేను ఉదయం నిమ్మరసంతో ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు ఇంకొకటి వేసుకునేదాన్ని. కాల్షియం మధ్యాహ్నం, సాయంత్రం భోజనాలతో. విరేచనం నల్లగా అయితే గాభరా పడొద్దని అక్క ముందే చెప్పింది. మలబద్ధకం మాత్రం నిజంగా బాధించింది. కడుపులో మంటగా ఉన్న రోజుల్లో ఇడ్లీ తిన్నాకే వేసుకున్నాను. కాస్త తక్కువగా పడుతుంది, మానేయడం కంటే నయం.

ప్రైవేటు గోలీకి మారదామనుకుంటే లేబుల్ మీద ఒకటి చూడాలి. ఫెర్రస్ సల్ఫేట్ 200 అని ఉంటే అందులో అసలు ఐరన్ 65 మిల్లీగ్రాములే. ఫెర్రస్ ఆస్కార్బేట్ రకాల్లో ఎక్కువగా అసలు ఐరన్నే 100 అని రాస్తారు, వాటిలో చాలావాటిలో ఫోలిక్ 1.5 మిల్లీగ్రాములు కలిపి ఉంటుంది. పేరు పక్కన పెద్ద అంకె చూసి పోల్చకూడదు.

నెల తర్వాత నాకు 10.5 వచ్చింది, ఆ తర్వాత 11.2. పెరగకపోయి ఉంటే తలసీమియా మైనర్ కోసం పరీక్ష చేయించేవారు. అది ఉన్నవాళ్లలో కణాలు చిన్నగా ఉంటాయి, చూడ్డానికి ఐరన్ తక్కువైనట్టే ఉంటుంది. కానీ ఎన్ని గోలీలు మింగినా హిమోగ్లోబిన్ కదలదు. భార్యాభర్తలిద్దరికీ ఉంటే బిడ్డకు ప్రమాదం కాబట్టి అప్పుడు భర్తకూ పరీక్ష చేస్తారు. కాన్పు దగ్గరపడ్డాక కూడా తక్కువే ఉంటే గోలీల మీద ఆగకుండా సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. నాకు ఆ అవసరం రాలేదు. కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు రోజుకు ఒక ఎర్ర గోలీ కొనసాగించమన్నారు, ఇప్పుడు అదే వేసుకుంటున్నాను.