క్రౌడింగ్ అవుట్‌కి అసలు కారణం అప్పేనా? ఐఎస్-ఎల్ఎం మీద నా నోట్స్

చెన్నై అన్నానగర్‌లో ఉంటూ ఎకనామిక్స్ ఆప్షనల్‌తో సివిల్స్‌కి చదువుతున్న తెలుగువాళ్లం కొంతమందిమి ఆదివారాలు కలిసి ఒకరి ఆన్సర్లు ఒకరం దిద్దుకుంటాం. ఐఎస్-ఎల్ఎంలో క్రౌడింగ్ అవుట్ గురించి, అంటే ప్రభుత్వ ఖర్చు పెరిగితే ప్రైవేటు పెట్టుబడి తగ్గడం గురించి, ప్రశ్న వచ్చిన ప్రతిసారీ దాదాపు అందరి పేపర్లలోనూ ఒకే వాక్యం కనిపిస్తుంది. "ప్రభుత్వం మార్కెట్‌లో అప్పు తీసుకుంటుంది కాబట్టి ప్రైవేటు వాళ్లకి నిధులు మిగలవు, అందుకే వడ్డీ రేటు పెరిగి పెట్టుబడి తగ్గుతుంది." ఇది లోనబుల్ ఫండ్స్ వాదన. దాని చోట అది సరైనదే, కానీ ఐఎస్-ఎల్ఎంలో వడ్డీ పెరిగే దారి వేరు. ఆ దారి రాయకపోతే గ్రాఫ్ ఎంత అందంగా గీసినా ఆన్సర్‌లో అసలు విషయం రానట్టే.

అంకెలు పెట్టుకుని చూద్దాం, ఇలా చేస్తేనే మనసులో నిలుస్తుంది. వినియోగం C = 100 + 0.8(Y − T), పన్ను T = 100, పెట్టుబడి I = 180 − 10r, ప్రభుత్వ ఖర్చు G = 100. డబ్బు డిమాండ్ 0.5Y − 25r, నిజ డబ్బు సరఫరా M/P = 500. Y ఆదాయం, r వడ్డీ రేటు. వీటి నుంచి వచ్చే రెండు సమీకరణాలు ఇవి, ఐఎస్ వస్తువుల మార్కెట్ సమతుల్యానికి, ఎల్ఎం డబ్బు మార్కెట్ సమతుల్యానికి:

```
IS: Y = 1500 − 50r
LM: Y = 1000 + 50r
```

రెండూ కలిసే చోట r = 5, Y = 1250. అక్కడ పెట్టుబడి 130.

ఇప్పుడు ప్రభుత్వం ఖర్చు 40 పెంచింది. మల్టిప్లయర్ 1/(1 − 0.8), అంటే 5. కాబట్టి ఐఎస్ గీత కుడివైపుకి 200 జరుగుతుంది, Y = 1700 − 50r అవుతుంది. వడ్డీ 5 దగ్గరే ఉండిపోతే ఆదాయం 1450కి చేరాలి. చాలామంది ఇక్కడి నుంచి నేరుగా కొత్త సమతుల్యానికి దూకేస్తారు, కానీ కథంతా ఈ 1450 దగ్గరే ఉంది. ఆ ఆదాయంతో, 5 శాతం వడ్డీ దగ్గర జనం చేతిలో ఉంచుకోవాలనుకునే డబ్బు ఎంత? 725 − 125, అంటే 600. ఉన్నది 500 మాత్రమే. ఆదాయం పెరిగితే లావాదేవీలు పెరుగుతాయి, జీతాలకీ కొనుగోళ్లకీ ఎక్కువ నగదు కావాలి, సెంట్రల్ బ్యాంకు మాత్రం సరఫరా పెంచలేదు. డబ్బు కావాల్సినవాళ్లు తమ దగ్గరున్న బాండ్లు అమ్మడానికి వస్తారు, అందరూ అమ్మేవాళ్లే అయితే బాండ్ల ధర పడుతుంది, ధర పడిందంటే వడ్డీ రేటు పెరిగినట్టే. వడ్డీ పెరిగేకొద్దీ పెట్టుబడి తగ్గుతుంది, దాంతో ఆదాయం 1450కి చేరకుండానే ఆగిపోతుంది.

ఎక్కడ ఆగుతుంది? కొత్త ఐఎస్‌నీ పాత ఎల్ఎంనీ కలిపితే r = 7, Y = 1350. అంటే 200 పెరగాల్సిన ఆదాయం 100 మాత్రమే పెరిగింది. పెట్టుబడి 130 నుంచి 110కి దిగింది. ఆ తగ్గిన 20నే మల్టిప్లయర్ 5తో గుణిస్తే పోయిన 100 అక్షరాలా వచ్చేస్తుంది. లెక్క సరిపోయిందో లేదో పరీక్ష హాల్లో చూసుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు: C = 1100, I = 110, G = 140, కలిపితే 1350.

మా గ్రూపులో గుంటూరు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఈ మధ్య అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "అన్నా, అప్పు చేయకుండా ఆ 40నీ పన్నుగా వసూలు చేసి ఖర్చు పెడితే క్రౌడింగ్ అవుట్ ఉండదు కదా?" అప్పే కారణమైతే ఉండకూడదు మరి. చేసి చూడండి. T కూడా 40 పెరిగితే వినియోగం 32 తగ్గుతుంది, నికరంగా డిమాండ్‌కి చేరేది 8, దానికి మల్టిప్లయర్ 5, ఐఎస్ జరిగేది 40. కొత్త ఐఎస్ Y = 1540 − 50r. ఎల్ఎంతో కలిపితే r = 5.4, Y = 1270, పెట్టుబడి 126. ప్రభుత్వం ఒక్క రూపాయి అప్పు చేయలేదు, అయినా పెట్టుబడి 4 తగ్గింది. ఆదాయం పెరిగింది కాబట్టి డబ్బు డిమాండ్ పెరిగింది, సరఫరా కదల్లేదు కాబట్టి వడ్డీ పెరిగింది. ఇందులో అప్పుకి చోటే లేదు.

అప్పు చేసిన మొదటి కేసులో పొదుపు వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. "అప్పుకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది" అని ఎవరైనా అడిగితే జవాబు అక్కడే ఉంది. ప్రైవేటు పొదుపు 130 నుంచి 150కి పెరిగింది, ఎందుకంటే ఆదాయం పెరిగింది. లోటు 40. అందులో 20 కొత్త పొదుపు నుంచి వచ్చింది, మిగతా 20 పెట్టుబడి వదులుకున్నది. పొదుపు స్థిరంగా ఉంటుందని ఊహించుకుంటేనే లోటు మొత్తం పెట్టుబడిని మింగేసినట్టు అనిపిస్తుంది. కీన్స్ ఆలోచనలో పొదుపు ఆదాయంతోపాటు కదులుతుంది. 1937లో హిక్స్ గీసిన ఈ మోడల్‌కి పునాది కూడా అదే.

క్రౌడింగ్ అవుట్ ఎంత ఉంటుందన్నది వాలుల మీద ఆధారపడుతుంది. వడ్డీ కొంచెం కదిలితే చాలు జనం డబ్బుకీ బాండ్లకీ మధ్య బాగా అటూ ఇటూ మారేటట్టయితే ఎల్ఎం చదునుగా ఉంటుంది, అప్పుడు వడ్డీ పెద్దగా పెరగదు. ఎల్ఎం పూర్తిగా అడ్డంగా ఉండే లిక్విడిటీ ట్రాప్‌లో అస్సలు పెరగదు, 200కి 200 వస్తుంది. డబ్బు డిమాండ్‌కి వడ్డీతో సంబంధమే లేకపోతే ఎల్ఎం నిలువుగా ఉంటుంది, ఆదాయం ఒక్క యూనిట్ కూడా పెరగదు, G పెరిగినంతా I తగ్గుతుంది. ఐఎస్ వైపు, పెట్టుబడి వడ్డీని ఎంత పట్టించుకుంటే నష్టం అంత ఎక్కువ. ఈ కొన్ని వాక్యాలు చాలు, ఇక్కడ పేజీలు ఖర్చు పెట్టకండి.

ఎక్కువ రాయాల్సింది సెంట్రల్ బ్యాంకు గురించి. మన ఉదాహరణలో వడ్డీని 5 దగ్గరే ఆపాలంటే M/Pని 500 నుంచి 600కి పెంచాలి, మనం ముందు చూసిన 100 డబ్బు కొరత అదే. అలా చేస్తే ఎల్ఎం కూడా కుడికి జరిగి Y 1450కి చేరుతుంది, పెట్టుబడి 130 దగ్గరే ఉంటుంది. ఇవాళ ఆర్‌బీఐ చేసేది దాదాపు ఇదే: 2016 నుంచి ద్రవ్య విధాన కమిటీ రెపో రేటు నిర్ణయిస్తుంది, ఆ రేటు నిలబడేలా ద్రవ్యలభ్యతను సర్దుతారు. 2020-21లో కేంద్రం ద్రవ్యలోటు జీడీపీలో 9 శాతం దాటింది. అదే సమయంలో రెపో 2020 మేలో 4 శాతానికి దిగి 2022 మే దాకా అక్కడే ఉంది, ఆర్‌బీఐ ప్రభుత్వ బాండ్లు కూడా కొన్నది. అందుకే అంత లోటులోనూ వడ్డీలు ఆకాశానికి ఎక్కలేదు. ఆ ఏడాది పెట్టుబడి పడిపోయింది నిజమే, దానికి కారణం లాక్‌డౌన్‌లో డిమాండ్ కూలడం, దాన్ని క్రౌడింగ్ అవుట్‌గా చూపిస్తే ఎగ్జామినర్ ఒప్పుకోరు.

ధరలు స్థిరం అన్న షరతు కూడా ఆన్సర్‌లో రాయండి. ఆర్థిక వ్యవస్థ అప్పటికే పూర్తి సామర్థ్యం దగ్గరుంటే P పెరుగుతుంది, M పెంచకపోయినా పెంచినా M/P కరిగి ఎల్ఎం ఎడమకి జరుగుతుంది, చివరికి Y పాత చోటికే వస్తుంది. అప్పుడు G పెరిగిన 40కి బదులు I సరిగ్గా 40 తగ్గుతుంది, r 9కి చేరుతుంది.