కాకరకాయ రసం తాగిన మూడు నెలలు

రాత్రి నాలుగైదుసార్లు లేచి బాత్‌రూమ్‌కి వెళ్లడం మొదలై రెండు నెలలైనా నేను రక్త పరీక్ష చేయించుకోలేదు. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. సాయంత్రమయ్యేసరికి అక్షరాలు మసకబారేవి. అమ్మకు ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది కాబట్టి ఇవి నాకు తెలియని లక్షణాలేమీ కావు. అయినా నాకు రాదనే ధీమా. చిన్నప్పటి నుంచీ నాకు తీపి అంటే పెద్దగా ఇష్టం లేదు, టీ కూడా చక్కెర లేకుండానే తాగుతాను. తీపి తినేవాళ్లకే షుగర్ వస్తుందని మనసులో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, ఎదురుగా కనిపిస్తున్న లక్షణాలను కూడా వయసు మీద పడుతోందిలే అని తోసేశాను.

చివరికి పరీక్ష చేయిస్తే పరగడుపున 162 వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2 ఉంది. పరగడుపు లెక్క 126, హెచ్‌బీఏ1సీ 6.5 వచ్చినా, దాటినా షుగర్ కిందే లెక్క. నావి రెండూ దాటేశాయి. “నేను తీపి ముట్టను కదా డాక్టర్ గారూ” అన్నాను. ఆయన నా మాట కొట్టిపారేయకుండా, ఓపిగ్గా వివరించారు.

టైప్ 2 షుగర్‌లో అసలు గొడవ ఇన్సులిన్‌ది. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినవు. కొన్నేళ్లపాటు క్లోమగ్రంథి ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది. ఆ శక్తి తగ్గాక రక్తంలో గ్లూకోజ్ పెరగడం మొదలవుతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే తత్వం, పొట్ట దగ్గర చేరే కొవ్వు, కదలకుండా కూర్చునే పని, ఇవన్నీ కలిసి చేసే పని అది. చక్కెర నిర్దోషి అని ఆయన అనలేదు. రోజూ తీపి పానీయాలు తాగితే బరువూ పెరుగుతుంది, షుగర్ వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. కానీ తీపి మానేసినంత మాత్రాన రాకుండా ఉండదు. ఏ తిండి ఎక్కువైనా పొట్ట పెరుగుతుంది, నాకు జరిగింది అదే. రాత్రిళ్లు లేవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. గ్లూకోజ్ సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి లాగలేక మూత్రంలోకి వదిలేస్తాయి, దాంతోపాటు నీళ్లూ పోతాయి.

మెట్‌ఫార్మిన్ 500, రోజుకు రెండు పూటలా రాశారు. తిండి తగ్గించి, రోజూ అరగంట నడవమన్నారు. మూడూ మొదలుపెట్టాను. అదే వారంలో నాతో పనిచేసే ఒకాయన, పొద్దున్నే కాకరకాయ రసం తాగితే షుగర్ మూలం నుంచి పోతుందని చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు. నేనూ నమ్మాను. చేదు తీపికి విరుగుడు అన్నది వినడానికి చాలా సహజంగా అనిపిస్తుంది.

ఐదు వారాలకు పరగడుపు లెక్క 124కి దిగింది. మాత్ర, నడక, తగ్గించిన తిండి, రసం, నాలుగూ ఒకేసారి మొదలైతే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్న నాకు రాలేదు. మిగతా మూడింటి ఫలితాన్ని కూడా రసం ఖాతాలో రాసేసి, మాత్రలు ఆపేశాను. డాక్టర్‌కి చెప్పలేదు.

ఆ తర్వాతి మూడు నెలలూ నన్ను నేను ఎలా మోసం చేసుకున్నానో చెప్పాలి, ఎందుకంటే చాలామంది చేసేది ఇదే. వారానికి ఒక్కసారి, అదీ ముందురోజు రాత్రి బాగా తక్కువ తిన్నాకే, పరగడుపున గ్లూకోమీటర్‌తో చూసుకునేవాడిని. 140 వస్తే ఫర్వాలేదనుకున్నాను. 160 వచ్చిన రోజున సరిగా నిద్ర లేదని సర్దిచెప్పుకున్నాను. మధ్యాహ్నం భోజనం చేసిన రెండు గంటలకు ఒక్కసారి కూడా చూసుకోలేదు. మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయిస్తే 9.1 వచ్చింది. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. అన్ని రోజులూ వాటికి అంటుకున్న గ్లూకోజ్‌ని ఈ పరీక్ష లెక్కగడుతుంది, కాబట్టి ముందురోజు రాత్రి పస్తున్నా దీన్ని మార్చలేం. 8.2 అంటే సగటున 189, 9.1 అంటే సగటున 214. రసం తాగుతూనే నా షుగర్ పెరిగింది.

కాకరకాయలో ఏమీ లేదని కాదు. గ్లూకోజ్‌ని కాస్త తగ్గించగల పదార్థాలు అందులో ఉన్నాయని ప్రయోగశాలల్లో తేలింది. మనుషుల మీద చేసిన పరీక్షలు చిన్నవి, కొన్నింటిలో కొద్దిగా తగ్గింది, కొన్నింటిలో తేడా లేదు. మందు బదులు వాడదగ్గ బలం దానికి ఉందని ఎక్కడా నిలబడలేదు. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయం మీద పనిచేస్తుంది. మనం నిద్రపోతున్నప్పుడు కూడా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూ ఉంటుంది, ఆ మందు దాన్ని అదుపు చేస్తుంది. నేను ఆపేసింది ఆ మందునే.

మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలుపెట్టి, మోతాదు మెల్లగా పెంచి, దాంతోపాటు పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్ ఒక మిల్లీగ్రాము రాశారు. రసం ఇంకా తాగుతున్నానని ఈసారి కూడా చెప్పలేదు. మూడో వారంలో ఒకరోజు మాత్ర వేసుకున్నాను, రసం తాగాను, పని తొందరలో టిఫిన్ వాయిదా వేశాను. గంటన్నరకు చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చల్లటి చెమట, గుండె దడ. మా అమ్మాయి వేలికి గుచ్చి చూస్తే 54.

తను నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తెచ్చింది. నేను గ్లాసు పక్కకు నెట్టేశాను. షుగర్ ఉన్నవాడికి చక్కెర విషమని నా బుర్రలో ఉంది, పైగా ఆ స్థితిలో బుర్ర సరిగా పనిచేయదు. “నాన్నా, ఇప్పుడు నీకు మందు ఇదే, తాగు” అని గట్టిగా అని తాగించింది. పావుగంటకు 66. మళ్లీ అంతే చక్కెర ఇచ్చింది. ఇంకో పావుగంటకు 94 వచ్చాక కడుపునిండా తినిపించింది. 70 కంటే తగ్గితే వెంటనే పదిహేను గ్రాముల చక్కెర, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితేనే ఇది. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నానమ్మ కోసం నేర్చుకున్నది తను ఆరోజు నాకు చేసింది.

అప్పుడు డాక్టర్‌కి అంతా చెప్పాను. గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది, తిండి పడకపోతే షుగర్ పడిపోతుంది, ముఖ్య కారణం అదేనన్నారు. రసం ఎంత తోడైందో కచ్చితంగా చెప్పలేనని, అయితే ఇలాంటి మాత్రతో కలిస్తే ఇంకా పడిపోవచ్చని అన్నారు. రసం మానేశాను. కాకరకాయని మామూలు కూరగాయలాగే ఎప్పుడైనా తింటున్నాను. మాత్రలు, నడక, భోజనం తర్వాత కూడా పరీక్ష. పది నెలలకు హెచ్‌బీఏ1సీ 6.8కి వచ్చింది. ఇప్పుడు రాత్రి ఒక్కసారి కూడా లేవడం లేదు. ఇది నయమైనట్టు కాదని, మందులు సొంతంగా ఆపొద్దని ఆయన మళ్లీ గుర్తుచేశారు.

మా తమ్ముడికి 41 ఏళ్లు. వాడూ తీపి తినడు, వాడికీ నాలాగే పొట్ట ఉంది. బలవంతంగా తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కి ముందు దశ. “నేను మానేయడానికి తీపే లేదు కదా అన్నయ్యా, ఇంకేం మానేయను?” అని అడిగాడు. వాడి బరువు 84 కిలోలు. అందులో ఆరు కిలోలు తగ్గమని, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమని డాక్టర్ చెప్పారు. నాలుగు నెలల్లో రెండున్నర కిలోలు తగ్గాడు. వచ్చే నెల మళ్లీ పరీక్ష, నేనూ వెంట వెళ్తున్నాను.