సేల్స్ బార్లు, మార్జిన్ గీత: ఒకే చార్టులో రెండు స్కేళ్లు

రాణిగంజ్‌లో నీటి మోటార్లు, పంపులు హోల్‌సేల్‌గా అమ్మే షాపులో నేను అకౌంట్స్ చూస్తాను. అర్ధ సంవత్సరం లెక్కలు ముగిశాక మా సేట్ ఒక్కటే అడిగారు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఏ నెల ఎంత అమ్మాం, అందులో ఎంత శాతం మిగిలింది, రెండూ ఒకే కాగితం మీద కనబడాలి. ఎక్సెల్‌లో దీన్ని కాంబో చార్ట్ అంటారు. గీయడం సులువే. గీశాక దాన్ని తప్పుగా చదవకుండా చూసుకోవడమే అసలు పని, నాకు ఎక్కువ టైం పట్టింది కూడా అక్కడే.

ముందు లెక్క. అమ్మకం అంటే జీఎస్టీ కలపని విలువ. కొనుగోలు జీఎస్టీ లేకుండా తీసుకుని, అమ్మకం మాత్రం ఇన్‌వాయిస్ టోటల్ తీసుకుంటే మార్జిన్ ఉన్నదానికన్నా చాలా ఎక్కువ చూపిస్తుంది. అలాగే లాభాన్ని అమ్మకంతో భాగించాలి, కొన్న ధరతో కాదు. B కాలమ్‌లో అమ్మకం, C లో అమ్మిన సరుకు ఖరీదు పెట్టి పక్కన ఈ రెండు ఫార్ములాలు రాశాను. మొదటిది D2 లో, రెండోది E2 లో:

```
=B2/100000
=IF(B2="",NA(),(B2-C2)/B2)
```

మొదటిది రూపాయలను లక్షల్లోకి మారుస్తుంది. ఇలా చేస్తే పక్కన పొడుగాటి సున్నాలు రావు, సేట్‌కు అలవాటైన లెక్కలో కనబడుతుంది. రెండోదాంట్లో NA() ఎందుకంటే, ఇంకా రాని నెలలకు ఖాళీగా "" పెడితే ఎక్సెల్ దాన్ని సున్నాగా తీసుకుని గీతను కిందికి పడేస్తుంది. #N/A ఉంటే ఆ నెలకు చుక్క పెట్టదు, గీత సెప్టెంబర్ దగ్గరే ఆగుతుంది.

మా అంకెలు ఇలా వచ్చాయి:

| నెల | అమ్మకం (లక్షల్లో) | మార్జిన్ |
|---|---|---|
| ఏప్రిల్ | 48 | 14% |
| మే | 54 | 12% |
| జూన్ | 42 | 14% |
| జులై | 33 | 16% |
| ఆగస్టు | 30 | 17% |
| సెప్టెంబర్ | 36 | 16% |

నెలల పేర్లు సెలెక్ట్ చేసి, Ctrl నొక్కి పట్టుకుని D, E కాలమ్‌లు కూడా సెలెక్ట్ చేసి మామూలు కాలమ్ చార్ట్ పెడితే మార్జిన్ కనబడనే కనబడదు. 14% అంటే ఎక్సెల్‌కు 0.14. 48 పక్కన 0.14 బార్ నేలకు అతుక్కుపోతుంది, మౌస్‌తో పట్టుకోవడానికి కూడా దొరకదు. అప్పుడు చార్ట్ మీద క్లిక్ చేసి, పైన Format ట్యాబ్‌లో ఎడమ చివర ఉన్న డ్రాప్‌డౌన్‌లో మార్జిన్ సిరీస్‌ను ఎంచుకోవచ్చు. ఇంకా తేలిక దారి Change Chart Type లోకి వెళ్లి అడుగున ఉన్న Combo తీసుకోవడం. అక్కడ ఒక్కో సిరీస్‌కు విడిగా రకం ఎంచుకోవచ్చు. అమ్మకానికి Clustered Column, మార్జిన్‌కు Line with Markers పెట్టి, మార్జిన్ ఎదురుగా ఉన్న Secondary Axis గడిలో టిక్ పెట్టాను. కుడివైపు శాతాల స్కేల్ వచ్చింది.

ప్రింట్ తీసి ఇస్తే సేట్ చాలాసేపు చూశారు.

"ఏమ్మా, ఏప్రిల్, మే నెలల్ల గీత బార్ల లోపల ఉంది. జూన్ల బార్ మీదికి పోయింది. అంటే జూన్ నుంచి మనకు మంచిగైనట్టేనా?"

చాలా సహజమైన ప్రశ్న. ఎవరు చూసినా అలాగే అనుకుంటారు. కానీ గీత బార్‌ను దాటడానికి ఏ అర్థమూ లేదు. ఎడమ స్కేల్ 0 నుంచి 60 లక్షలు, కుడి స్కేల్ 0 నుంచి 18%. ఈ రెండు హద్దులూ ఎక్సెల్ తనంతట తాను పెట్టినవి. కుడివైపు గరిష్ఠాన్ని 30% చేస్తే అదే జూన్ గీత బార్ లోపలికి దిగిపోతుంది. అంకె మారలేదు, స్కేల్ మారింది అంతే. ఏప్రిల్, జూన్ రెండిట్లోనూ మార్జిన్ 14 శాతమే అని టేబుల్‌లో వేలు పెట్టి చూపించాను. "మరి మా బ్యాంకాయన కూడా నాలాగే చదివితే?" అన్నారు. ఆ మాటతో చార్ట్ మళ్లీ గీయాలని నిర్ణయించుకున్నాను.

గీతా బార్లూ అసలు కలవకుండా చేయడమే నేను ఎంచుకున్న దారి. ఎడమ స్కేల్ మీద రైట్ క్లిక్ చేసి Format Axis తెరిచి, Bounds కింద Minimum 0, Maximum 100, Units కింద Major 20 పెట్టాను. కుడి స్కేల్‌కు 0, 0.2, 0.04. ఇక్కడ 20% కోసం 0.2 అనే కొట్టాలి. 20 అని కొడితే స్కేల్ 2000% దాకా పోయి గీత మళ్లీ నేలకు అంటుకుంటుంది. ఇప్పుడు అతి పొడుగైన మే బార్ కూడా చార్ట్‌లో సగానికి కాస్త పైన ఆగుతుంది. మార్జిన్ గీత అన్నిటికన్నా కిందికి దిగేదీ మేలోనే, అయినా అది బార్‌కు కాస్త ఎగువనే ఉంటుంది. పైగా రెండు స్కేళ్లకూ ఐదేసి మెట్లే కాబట్టి అడ్డగీతలు రెండు వైపుల అంకెలకూ సరిగ్గా తగులుతాయి. ఎక్సెల్ పెట్టిన స్కేళ్లలో ఒకవైపు ఆరు మెట్లు, మరోవైపు తొమ్మిది. ఏ అడ్డగీత ఎవరిదో తెలిసేది కాదు.

మా షాపులో కొత్తగా చేరిన అబ్బాయి కుడి స్కేల్‌ను 10% నుంచి మొదలుపెడదాం అక్కా, గీత ఇంకా బాగా కదులుతుంది అన్నాడు. పెట్టి చూపించాను. కుడివైపు 10 నుంచి 18 దాకా ఉంటే మే చుక్క పావు ఎత్తులో, ఆగస్టు చుక్క దాదాపు పైకప్పు దగ్గర ఉంటాయి. మార్జిన్ మూడున్నర రెట్లు పెరిగినట్టు కనబడుతుంది. నిజానికి పెరిగింది 12 నుంచి 17కి. గీత ఒక్కటే ఉన్న చార్ట్‌లో సున్నా నుంచి మొదలుపెట్టకపోయినా ఫరవాలేదు. పక్కన సున్నా నుంచి లేచిన బార్లు ఉన్నప్పుడు కన్ను గీతనూ అలాగే కొలుస్తుంది. అందుకే రెండూ సున్నా నుంచే ఉంచాను.

ఎడమ అంకెలకు బార్ల రంగు, కుడి అంకెలకు గీత రంగు ఇచ్చి, Axis Titles తో "అమ్మకం, లక్షల్లో", "మార్జిన్ %" అని రాశాను.

ఈసారి సేట్ చూపు నేరుగా మే దగ్గరికి వెళ్లింది. అన్నిటికన్నా పొడుగు బార్ మీద అన్నిటికన్నా కింది చుక్క. ఏప్రిల్ కన్నా 6 లక్షలు ఎక్కువ అమ్మాం, లాభం మాత్రం 6.72 లక్షల నుంచి 6.48 లక్షలకు తగ్గింది. కంపెనీ టార్గెట్ అందుకోవాలని నెలాఖరులో రిటైల్ షాపులకు అదనపు డిస్కౌంట్ ఇచ్చిన నెల అది. టార్గెట్ చేరినందుకు కంపెనీ ఇచ్చే క్రెడిట్ నోట్ ఇంకా రాలేదు. వచ్చాక మే ఖరీదు తగ్గి ఆ చుక్క పైకి జరుగుతుంది. ఎంత జరుగుతుందో చార్ట్ చెప్పలేదు కాబట్టి "మే: టార్గెట్ క్రెడిట్ నోట్ కలపలేదు" అని కింద రాశాను. ఆరు నెలల మొత్తం మార్జిన్ కూడా పక్కన పెట్టాను. ఆరు శాతాలను కూడి ఆరుతో భాగిస్తే 14.8 వస్తుంది, కానీ అది సరైన లెక్క కాదు. మొత్తం లాభం 35.22 లక్షలను మొత్తం అమ్మకం 243 లక్షలతో భాగిస్తే వచ్చే 14.5 శాతమే రాయాలి.

ఇక ఈ ఫైల్‌ను మార్చి దాకా వాడాలి కాబట్టి ఒక జాగ్రత్త. మనం చేత్తో పెట్టిన హద్దులు తర్వాత వాటంతటవి పెరగవు. ఏ నెలైనా అమ్మకం కోటి దాటితే బార్ 100 దగ్గరే తెగిపోతుంది, ఎక్సెల్ ఏ హెచ్చరికా ఇవ్వదు. హద్దు పక్కన Auto బదులు Reset అని కనబడితే అది చేత్తో పెట్టినదని గుర్తు. కొత్త నెల అంకెలు ఎక్కించినప్పుడల్లా ఆ రెండు గడులూ తెరిచి చూస్తున్నాను.