సంగటిలా కెలికితేనే కుదిరే మైదా ముద్ద: అనంతపురం ఎండాకాలంలో ప్లే డో, స్లైమ్

ఏప్రిల్, మొదటి ముద్ద. ఎక్కడ చూసినా కనబడే కొలతే: 240 మి.లీ. కప్పుతో ఒక కప్పు మైదా, అర కప్పు మెత్తటి ఉప్పు, ఒక కప్పు నీళ్లు, ఒక టేబుల్ స్పూన్ నూనె, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం. చేసిన రోజు వెన్నలా ఉంది. మర్నాడు ఫ్యాను కింద గంటసేపు పెట్టేసరికి పైన తెల్లటి పొడి లేచింది, అంచులు పగిలాయి. బూజేమో అనుకుంటారు గానీ అది ఉప్పే. వేలితో రుద్దితే గరగరలాడుతుంది. బూజైతే మెత్తగా నూగులా ఉంటుంది, వాసన కూడా వస్తుంది.

కారణం లెక్కలోనే ఉంది. అర కప్పు ఉప్పు దాదాపు 140 గ్రాములు. ఒక కప్పు నీళ్లలో కరిగేది 85 గ్రాముల చిల్లరే. మిగిలింది పలుకులుగానే ఉండిపోతుంది. పైగా ఇక్కడి పొడి గాలికి ముద్దలోని నీళ్లు ఆరిపోతూ ఉంటే కరిగిన ఉప్పు కూడా పైకొచ్చి గడ్డకడుతుంది. గల్లుప్పు వేస్తే ఇంకా అన్యాయం, పిల్లల చేతి గీతల్లో చురుక్కుమంటుంది.

రెండో ముద్ద. ఉప్పు నాలుగు టేబుల్ స్పూన్లకు, అంటే 70 గ్రాముల దగ్గరికి తగ్గించి, మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ ఒక టీస్పూన్ కలిపితే కుదిరింది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పు తగ్గింది కాబట్టి నిల్వ కూడా తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. నూనె సన్‌ఫ్లవర్‌ది చాలు. బుడ్డల నూనె వాసన చేతులకు అంటుకుంటుంది, పైగా కొందరు పిల్లలకు బుడ్డలు పడవు.

ఐదేళ్ల పిల్లకు పని పొయ్యి ముట్టించక ముందే ఇవ్వాలి. స్పూన్లు లెక్కపెట్టి ఉప్పు పోయడం, నిమ్మకాయ పిండడం, చల్లటి నీళ్లలో అన్నీ కలిపి ఉండలు లేకుండా గరిటెతో తిప్పడం తనవే. గోధుమ పడని పిల్లలైతే మైదా జోలికే పోకూడదు.

తర్వాతి పని పెద్దవాళ్లది. మందపాటి గిన్నెలో సన్న సెగ మీద కెలకాలి. రెండు మూడు నిమిషాలు గంజిలా ఉంటుంది, ఉన్నట్టుండి అడుగున ముద్దలు కడుతుంది. ఇక్కడ చాలామంది భయపడి దించేస్తారు, అందుకే మర్నాడు జిగురుగా తయారవుతుంది. సంగటి కట్టెతో రాగి సంగటి కెలికినట్టే గిన్నె అంచుల నుంచి మధ్యలోకి లాగుతూ ఉండాలి. తెల్లటి పచ్చి మెరుపు పోయి, ముద్ద గిన్నెను వదిలి కట్టె చుట్టూ చేరి, చిటికెడు తీసి నలిపితే వేలికి అంటకపోతే దించెయ్యొచ్చు. పైన చల్లబడినట్టు అనిపించినా లోపల కాలుతుంది. చిన్న ముక్కలుగా విడదీసి ఇరవై నిమిషాలు ఆగాకే పిల్ల చేతికివ్వాలి.

రంగు పసుపుతో బాగా వస్తుంది గానీ బట్టలకు పట్టుకుంటే వదలదు. బీట్‌రూట్ రసం వేస్తే అంత మేరకు నీళ్లు తగ్గించాలి. పూర్తిగా చల్లారాకే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. వేడిగా మూత పెడితే ఆవిరి నీరై కారి పైపొర జారుడుగా అవుతుంది. ఉప్పు స్టీలును తింటుంది కాబట్టి స్టీలు డబ్బా వద్దు. ఫ్రిజ్‌లో రెండు వారాల దాకా ఉంటుంది. పులిసిన వాసన, పచ్చటి లేదా నల్లటి చుక్క, ఏది కనబడినా మొత్తం పారేయాలి. గట్టిపడితే మాత్రం చేతికి రెండు చుక్కల గ్లిజరిన్ రాసి మర్దిస్తే తిరిగొస్తుంది. ఇందులో ఉప్పు ఎక్కువ కాబట్టి పిల్లలు తినకూడదు, కుక్కకు అందకూడదు.

మూడో ప్రయత్నం స్లైమ్. వెలిగారం, జిగురుతో చేసేది ఈ వయసుకు వద్దు. వెలిగారం లేదని చెప్పి కాంటాక్ట్ లెన్స్ ద్రావణం పోసినా, చాలా వాటిలో అదే జాతి బోరిక్ యాసిడ్ ఉంటుంది. దానికి బదులు ఇసబ్‌గోల్ పొట్టు: ఒక టేబుల్ స్పూన్ పొట్టును ఒక కప్పు నీళ్లలో కలిపి ఐదు నిమిషాలు నాననిచ్చి, సన్న సెగ మీద ఆరేడు నిమిషాలు తిప్పాలి. గరిటె ఎత్తితే తీగలా సాగి మళ్లీ గిన్నెలోకి ముద్దగా పడాలి. నీళ్లలా కారితే ఇంకో రెండు నిమిషాలు. ఒకసారి చల్లార్చి మళ్లీ వేడి చేస్తే ఇంకా బిగుస్తుంది.

ఒక జాగ్రత్త: పొడి పొట్టు గొంతులో పడి నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, కాబట్టి ప్యాకెట్ పిల్లకు అందనివ్వకూడదు. దీంట్లో ఉప్పు లేదు గనక ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగు రోజులకు మించి ఉంచకూడదు, అది కూడా ఆడే ముందు చేతులు కడిగితేనే. పారేసేటప్పుడు సింకులో వేయొద్దు, పైపులో ఉబ్బి కూర్చుంటుంది. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి.