బోనస్ పడ్డాకే రాజీనామా: నా అనుభవం

మొదటిసారి ఉద్యోగం మారినప్పుడు ఫిబ్రవరి 20న రాజీనామా పెట్టాను. ఆ కంపెనీలో ఏడాది లెక్క జనవరి నుంచి డిసెంబరు. బోనస్ మార్చి జీతంతో కలిపి వేస్తారు. రేటింగ్ అప్పటికే వచ్చేసింది. నా నోటీసు 60 రోజులు కాబట్టి మార్చి నెలాఖరుకి అక్కడే ఉంటాను, బోనస్ ఎక్కడికీ పోదనుకున్నాను. హెచ్‌ఆర్ మేడమ్ పాలసీ తెరిచి ఒక్క వాక్యం చూపించారు: చెల్లించే రోజుకి ఉద్యోగంలో ఉండాలి, నోటీసులో ఉండకూడదు. ఆ రెండో సగం నేనెప్పుడూ చదవలేదు. నెలన్నర జీతమంత బోనస్ పోయింది. ఏడాదంతా చేసిన పనికి రావాల్సిన డబ్బు అది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండోసారి మారాలనుకున్నప్పుడు ముందు పాలసీ చదివి, బోనస్ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకున్నాను. అప్లై చేసిన దగ్గర్నుంచి ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా నాకు సుమారు ఏడు వారాలు పట్టేది. అందుకే జనవరి రెండో వారంలో మొదలుపెట్టాను. క్యాలెండర్ ఏడాది పాటించే కంపెనీల్లో కొత్త బడ్జెట్ అప్పుడే చేతికొస్తుంది, డిసెంబరులో ఆగిపోయిన పోస్టులు మళ్లీ కదులుతాయి. అంతకుముందు ఓసారి నవంబరులో రెండుచోట్ల మంచి ఇంటర్వ్యూలు అయ్యాక కూడా 'హెడ్‌కౌంట్ వచ్చే ఏడాదికే' అని ఆపేశారు.

ఫిబ్రవరి చివర్లో ఆఫర్ వచ్చింది. వెంటనే చేరమన్నారు. నేను దాచకుండా చెప్పాను: మార్చి జీతంతో బోనస్ ఉంది, ఏప్రిల్ 1న రాజీనామా ఇస్తాను, జూన్ మొదటి వారంలో చేరతాను. ఆగలేకపోతే, పోయే బోనస్‌కి బదులు జాయినింగ్ బోనస్ ఇవ్వమన్నాను. ఇస్తామన్నారు, కానీ 12 నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలట. నేను వద్దన్నాను. రెండు రోజులు ఆలోచించి వాళ్లే జూన్‌కి ఒప్పుకున్నారు. జాయినింగ్ తేదీని మాత్రం లెటర్‌లో రాయించుకున్నాను, నోటిమాట మీద అన్ని నెలలు నెట్టుకురావడం నాకు ఇష్టం లేదు.

సంతకం చేసేముందు ఇంకో ప్రశ్న అడిగాను, చాలామంది అడగరు: మీ అప్రైజల్‌కి కటాఫ్ ఎప్పుడు? అక్టోబరు 1 తర్వాత చేరినవాళ్లకి ఆ జనవరిలో ఇంక్రిమెంటు ఉండదన్నారు. జూన్‌లో చేరితే నాకు ఇబ్బంది లేదు. అదే టీమ్‌లో నవంబరులో చేరినాయన మొదటి ఇంక్రిమెంటు కోసం 14 నెలలు ఎదురుచూశాడు. ముందే తెలిసుంటే జీతం అప్పుడే ఎక్కువ అడిగేవాడినని అన్నాడు.

మార్చి 28న బోనస్ ఖాతాలో పడింది. ఇచ్చాక మానేస్తే వెనక్కి తీసుకునే షరతు లేదని పాలసీలో మరోసారి చూసుకుని, ఏప్రిల్ 1 ఉదయం రాజీనామా మెయిల్ పంపాను. మే 30 ఆఖరి రోజు.