రెండో ప్రయత్నంలో పాసయ్యాను: నన్ను ముంచింది మూవింగ్ యావరేజే

నిన్న రిజల్ట్ వచ్చింది, ఎస్ఏపీ సర్టిఫికేషన్ పాస్. సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి మొదటిసారి నన్ను ముంచిన టాపిక్ గురించే రాస్తాను: మెటీరియల్ మాస్టర్‌లో ప్రైస్ కంట్రోల్ స్టాండర్డ్ ధరకు `S` పెట్టాలా, మూవింగ్ యావరేజ్ ధరకు `V` పెట్టాలా.

మూవింగ్ యావరేజ్ అంటే అసలు ఖర్చు, స్టాండర్డ్ అంటే అంచనా, కాబట్టి `V` ఎప్పుడూ మేలు అని గుడ్డిగా నమ్మాను. అదే నమ్మకంతో, ఇన్‌వాయిస్‌లో వచ్చిన తేడా అంతా స్టాక్‌లోకే పోతుందని జవాబు పెట్టి వచ్చాను.

ఇంటికొచ్చాక కాగితం మీద వేసి చూశాను. స్టాక్‌లో 100 యూనిట్లు, ఒక్కోటి 10. పర్చేజ్ ఆర్డర్ మీద 12 చొప్పున మరో 100 వచ్చాయి. మొత్తం 200, విలువ 2200, యావరేజ్ 11. అందులో 180 ప్రొడక్షన్‌కు ఇచ్చేశాం. మిగిలినవి 20, విలువ 220. అప్పుడు ఇన్‌వాయిస్ 15 చొప్పున వచ్చింది. తేడా 300. నా జవాబు ప్రకారం అది మొత్తం స్టాక్‌లో వేస్తే 520ని 20తో భాగించాలి. ఒక్కోటి 26! ఎప్పుడూ 15 దాటి కొనని సరుకుకు 26 ఏమిటి?

సిస్టమ్ అలా చేయదు. చేతిలో ఉన్న 20కి సరిపడా 60 మాత్రమే స్టాక్‌లో వేసి, మిగతా 240ని `PRD` కీ చూపించే ప్రైస్ డిఫరెన్స్ ఖాతాకు పంపుతుంది. కొత్త ధర 14. అంటే `V`లోనూ వేరియన్స్ ఉంటుంది. ఇన్‌వాయిస్ ఆలస్యమై సరుకు ముందే ఖర్చయ్యే చోట అది పెద్దదే. ఈ ఒక్క లెక్క అర్థమవడానికి నాకు ఒక ఫెయిల్ పట్టింది. (బద్ధకం కాదండీ, నా నోట్స్‌లో స్టాక్ కవరేజ్ అనే మాటే లేదు.)

అదే సరుకుకు `S`, స్టాండర్డ్ 10 అయితే రిసీట్ దగ్గర 200, ఇన్‌వాయిస్ దగ్గర 300 నేరుగా `PRD`లో పడతాయి. మిగిలిన 20 మాత్రం 10 దగ్గరే ఉంటాయి. మార్కెట్ ధర 15 దగ్గరే నిలిచిపోతే ఆ స్టాక్ విలువ తక్కువగా చూపిస్తున్నట్టే. కొత్త కాస్ట్ ఎస్టిమేట్ వేసి `CK24`లో మార్క్, రిలీజ్ చేస్తేనే స్టాక్ కొత్త ధరకు మారుతుంది.

ఎంపిక ప్రశ్న వస్తే నేను ఇలా ఆలోచించాను. కొనే ముడిసరుకుకు, ట్రేడింగ్ గూడ్స్‌కు `V`. సెమీ ఫినిష్డ్, ఫినిష్డ్ గూడ్స్‌కు `S`. ఎందుకంటే ప్రొడక్షన్ ఆర్డర్‌లో ఎవరో 10 గంటల పనికి బదులు 100 గంటలని కన్ఫర్మ్ చేశారనుకోండి. `V` ఉంటే ఆర్డర్ సెటిల్‌మెంట్‌లో ఆ తప్పు ధరలో కలిసిపోయి, ఆ భాగం వాడే పై స్థాయి ప్రొడక్ట్‌లోకీ వెళ్తుంది. `S` ఉంటే ధర కదలదు, తప్పంతా ఆ ఆర్డర్ వేరియన్స్‌లోనే కనబడుతుంది.

మిగతా చాప్టర్లు అందరూ చదివినట్టే చదివాను. ఈసారి ఇదే లెక్క వేరే అంకెలతో వచ్చింది. ముందుగా చేతిలో ఎంత స్టాక్ ఉందో చూశాను.